పరీక్షల కరపత్రం: పిల్లలకు ఏం చెప్పాలి, తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? (నల్లగొండ స్టేషనరీ దుకాణం)

గడియారం_సెంటర్_స్టేషనరీ

అందరికీ నమస్కారం. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాకు చిన్న స్టేషనరీ, జిరాక్స్ దుకాణం ఉంది. ఇది నాలుగో సంవత్సరం. జూన్‌లో నోటు పుస్తకాలతో గడిచిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పరీక్షల వ్యాపారం మాత్రం నాకు ఇంతవరకు చేతకాలేదు. అందుకే అడుగుతున్నాను.

నిరుడు రెండు వేల కరపత్రాలు వేయించి దినపత్రికల్లో పెట్టించాను. పైన పెద్ద అక్షరాలతో "పరీక్షల బంపర్ ఆఫర్, 20 శాతం తగ్గింపు" అని రాశాను. కింద "విజయం మీదే, ర్యాంకు మీదే" అని రాశాను. 199 రూపాయలకు పదో తరగతి కిట్ పెట్టాను. అందులో పరీక్ష అట్ట, నాలుగు జెల్ కలాలు, జామెట్రీ పెట్టె, యాభై తెల్ల కాగితాలు, ఒక దారపు ఉండ, ముఖ్య ప్రశ్నల పుస్తకం ఒకటి. వంద కిట్లు కట్టి ఉంచితే నలభై పోయాయి. కరపత్రం చేతపట్టుకుని వచ్చినవాళ్ళు ముప్పై ఒక్కరు, లెక్క రాసుకున్నాను.

నేను గమనించింది ఒకటే. పిల్లలు వస్తే ఒక్క కలం తీసుకుని వెళ్ళిపోతున్నారు. తల్లిదండ్రులు వస్తే కిట్ చేతిలో తిప్పి చూసి, "ఇందులో మా పిల్లకు ఏది పనికొస్తుంది?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఈసారి పిల్లలకు ఒక కరపత్రం, పెద్దలకు ఒకటి విడిగా వేయాలా? ఒకే దాంట్లో ఇద్దరికీ చెప్పవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

మిర్యాలగూడ_మొబైల్స్

అన్నా, నాది ఫోన్ల దుకాణమే అయినా కరపత్రాల సంగతి తెలుసు. తల్లిదండ్రులు ధర తప్ప మరేదీ చూడరు. 20 శాతం సరిపోదు, 30 చేయండి. కిట్ కొంటే ఒక కలం ఉచితం అనండి. ఆటోకు మైకు కట్టి రెండు రోజులు తిప్పండి. ఇంకొకటి, మీ కరపత్రం నెల 20వ తేదీన వెళ్ళి ఉంటే డబ్బు వృథా. జీతాలు ఒకటో తేదీ నుంచి అయిదు లోపు వస్తాయి, ఆ వారంలోనే వేయాలి.

గడియారం_సెంటర్_స్టేషనరీ

తేదీ విషయంలో మీరు చెప్పింది నిజం అన్నా, నిరుడు నెలాఖరులోనే వేశాను. తగ్గింపు మాత్రం 30 శాతం అంటే కలాల మీద నాకు మిగిలేది ఏమీ ఉండదు. పైగా 20 శాతం ఇచ్చినా అరవై కిట్లు మిగిలాయి కదా.

చాక్‌పీస్_మాస్టారు

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. పన్నెండేళ్ళుగా పదో తరగతి పరీక్షల్లో ఇన్విజిలేషన్ చేస్తున్నాను. మీ కిట్‌లో ధర కంటే ముందు చూడవలసింది వేరే ఉంది.

ఆ యాభై తెల్ల కాగితాలు, దారపు ఉండ ఎవరి కోసం పెట్టారు? అది పాత పద్ధతి. అప్పట్లో నాలుగు పేజీల ప్రధాన జవాబు పత్రం ఇచ్చి, తర్వాత అదనపు పత్రాలు ఇస్తుంటే పిల్లలు దారంతో కట్టేవారు. 2025 మార్చి పరీక్షల నుంచి పదో తరగతికి 24 పేజీల జవాబు పుస్తకం ఇస్తున్నారు. భౌతిక, జీవ శాస్త్రాలు వేరు వేరు రోజుల్లో గంటన్నర చొప్పున జరుగుతాయి కాబట్టి వాటికి 12 పేజీల పుస్తకాలు. గ్రాఫ్ కాగితం లాంటివి జత చేయడానికి దారం కావలసి వచ్చినా గదిలోనే ఇస్తాం. ఇంటి నుంచి ఉండ తెచ్చుకోనక్కరలేదు. మీ కిట్ తిప్పి చూసిన తల్లికి ఈ సంగతి మాటల్లో చెప్పడం రాకపోవచ్చు. పిల్ల మాత్రం పక్కనే నిలబడి "అమ్మా, ఇవి మాకు అక్కరలేదు" అని ఉంటుంది. అక్కడే కిట్ మొత్తం మీద నమ్మకం పోయింది.

అమ్మవలసింది అదే 24 పేజీల పుస్తకం. రాసి చూసుకోవడానికి, ప్రాక్టీసు కోసం. ఎందుకో చెబుతాను. బడుల్లో ప్రీ ఫైనల్ పరీక్షలు విడి కాగితాల మీదనే రాయించేవాళ్ళం. చక్కగా చదివే అమ్మాయి ఒకతి అసలు పరీక్షలో నా గదిలోనే పడింది. లెక్కల పేపరు. గంటన్నర అయ్యేసరికి పద్దెనిమిదో పేజీలో ఉంది, ఆరు మార్కుల ప్రశ్నలు నాలుగూ ఇంకా అలాగే ఉన్నాయి. ఒక్కో రెండు మార్కుల లెక్కకు పేజీ మొత్తం వాడింది, ఒక్కో జవాబు తర్వాత కింద సగం వదిలేసింది. విడి కాగితాలతో రాసేటప్పుడు అది తప్పుగా కనిపించలేదు, ఎందుకంటే ఇంకో కాగితం అడిగితే వచ్చేది. పుస్తకంలో మిగిలిన ఆరు పేజీలు కంటికి కనబడగానే చెయ్యి వణికింది. చివరి రెండు లెక్కలు వరుసల మధ్య ఇరికించి రాసింది. లెక్క వచ్చు, కాగితం పంచుకోవడం రాలేదు.

మూడు గంటల పేపరులో చివరి అరగంట పార్ట్ బికి పోతుంది, 20 మార్కులు. అంటే పార్ట్ ఏ కింద 60 మార్కులు రెండున్నర గంటల్లో, ఆ పేజీల్లోనే సర్దాలి. ఇది ఎవరూ నోటితో నేర్పలేరు. అలాంటి పుస్తకంలో రెండు మూడు సార్లు గడియారం పెట్టుకుని రాస్తేనే వస్తుంది. మీరు అమ్మదలచుకుంటే ఇది అమ్మండి. పిల్లకు ఎందుకో తెలుస్తుంది, తల్లికీ తెలుస్తుంది.

గడియారం_సెంటర్_స్టేషనరీ

సార్, ఇది నాకు తట్టనే లేదు. దుకాణంలో తెల్ల కాగితాల కట్టలు ఎందుకు కదలడం లేదో ఇప్పుడు అర్థమైంది. జెల్ కలాల సంగతి కూడా చెప్పండి. పిల్లలు అవే అడుగుతున్నారు.

చాక్‌పీస్_మాస్టారు

అడుగుతారు, రంగు నిండుగా పడుతుంది కాబట్టి. వద్దనడానికి నిబంధన వెతకనక్కరలేదు, కాగితమే చెబుతుంది. పుస్తకానికి రెండు వైపులా రాయాలి. జెల్ సిరా వెనక పేజీకి నీడలా దిగితే, దిద్దేవారికి రెండు వైపుల రాతా కలిసిపోయి కనిపిస్తుంది. చెమట పట్టిన అరచేయి పక్కకు జరిగితే చెరుగుతుంది. మార్చి నెల నల్లగొండలో ఎవరి అరచేయి పొడిగా ఉంటుంది? నీలం బాల్ కలం మేలు. అదీ పరీక్ష ఉదయం కొత్తది తీయకూడదు. ప్రీ ఫైనల్ నుంచి అదే కలంతో రాసి చేతికి అలవాటు కావాలి.

మీ వైపు నుంచి ఒక జాగ్రత్త. మీ దుకాణం ముందు అద్దాల పెట్టెలో ఎండ పడుతుందా? అక్కడ పెట్టిన కలాలు అమ్మకండి. ఎండకు ఎండి మొనలో సిరా గడ్డకడుతుంది. చూడటం తేలిక. కాగితం మీద ఆగకుండా ఎనిమిది సున్నాలు చుట్టండి. రెండు మూడు సున్నాలలోపు గీత తెగితే ఆ కలం పెట్టెలో పెట్టవద్దు.

ఖమ్మం_రోడ్_నాన్న

మాస్టారూ, మా అబ్బాయి నీట్ రాస్తున్నాడు. నీట్‌కు ప్రత్యేకంగా నల్ల కలం, అట్ట, ఓఎంఆర్ కాగితాల కట్ట అని ఒక దుకాణంలో 350 రూపాయలకు కిట్ అమ్ముతున్నారు. కొనవచ్చా? ఈ దుకాణంలోనూ దొరుకుతుందా?

చాక్‌పీస్_మాస్టారు

ఇక్కడ చర్చ పదో తరగతి గురించి, అయినా అడిగారు కాబట్టి చెబుతాను. నీట్‌కు కలం పరీక్షా కేంద్రంలోనే ఇస్తారు, మీరు తీసుకెళ్ళినది లోపలికి రానివ్వరు. ఇంట్లో గుండ్రాలు నింపడం సాధన చేయడానికి ఓఎంఆర్ కాగితాలు పనికొస్తాయి, వాటికి 350 అక్కరలేదు. మన ఈఏపీసెట్ కంప్యూటర్ మీద జరుగుతుంది, దానికి కిట్ అనే మాటే లేదు. పాలిసెట్ మాత్రం ఓఎంఆర్ మీద పెన్సిల్‌తో నింపేది. దానికి మంచి పెన్సిళ్ళు, మెత్తటి రబ్బరు తప్పనిసరి.

గడియారం_సెంటర్_స్టేషనరీ

నిజం చెప్పాలి. నేనూ నిరుడు "ఎంట్రెన్స్ కిట్" అని ఒకటి పెట్టాను, అన్నిటికీ ఒకటే. ఈ సంవత్సరం తీసేస్తాను. పాలిసెట్ వరకు పెన్సిళ్ళు విడిగా పెడతాను.

అక్షర_ముద్రణ

నేను ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను, మహబూబ్‌నగర్‌లో. 24 పేజీల పుస్తకం గురించి లెక్క చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని చూసి ఉత్సాహంగా వెయ్యి సెట్లు వేయించుకుని తర్వాత బాధపడతారు.

ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. ఆరు షీట్లు మడిచి మధ్యలో రెండు పిన్నులు కొడితే 24 పేజీలు. మీకు ఒక సెట్ అంటే తెలుగు, హిందీ, ఇంగ్లిషు, లెక్కలు, సాంఘికం అయిదు పుస్తకాలు 24 పేజీలవి, రెండు సైన్సులకు 12 పేజీలవి రెండు. మొత్తం 144 పేజీలు, అంటే 36 షీట్లు. మాకు ఇప్పుడు పడుతున్న కొనుగోలు ధరలో షీటు 90 పైసలు అనుకోండి, సెట్టుకు కాగితం 32 రూపాయల 40 పైసలు. గీతలు, అంచు వేసే ముద్రణ, మడత, పిన్ను కలిపి పుస్తకానికి 3 రూపాయలు, ఏడింటికి 21. చెడిపోయే కాగితం కలుపుకుంటే సెట్టు 55 రూపాయలకు మీ దుకాణంలో దిగుతుంది. ఇది అయిదు వందల సెట్లు వేయించినప్పటి ధర. రెండు వందలే వేయిస్తే 63, 64 పడుతుంది.

మీరు 80కి అమ్మితే అయిదు వందల సెట్ల మీద పెట్టుబడి 27,500. 344 సెట్లు అమ్మితేగాని చేతిలోంచి పెట్టిన డబ్బు తిరిగి రాదు. నిరుడు మీ కిట్లు పోయింది నలభై. అందుకని మొదట రెండు వందలు వేయించండి. సెట్టు మీద పదహారు రూపాయలే మిగులుతుంది, ఫరవాలేదు. మిగిలిపోయినా గీతల పుస్తకాలు కాబట్టి జూలైలో యూనిట్ పరీక్షలకు పోతాయి. అట్ట మీద మాత్రం "2026" అనో, "పదో తరగతి" అనో వేయవద్దు. అంకె వేసిన పుస్తకం మరుసటి సంవత్సరం ఎవరూ కొనరు.

మరో ముఖ్యమైన మాట. అట్ట మీద బోర్డు గుర్తు, హాల్‌టికెట్ గడులు, బార్‌కోడ్ అచ్చం అలాగే దించమని కొందరు అడుగుతారు. నేను వేయను, మీరూ అడగవద్దు. పేజీల సంఖ్య, గీతల మధ్య దూరం, అంచు వెడల్పు ఒకేలా ఉంటే పిల్లలకు చాలు.

దేవరకొండ_అమ్మ

తల్లిగా ఒక మాట చెప్పవచ్చా? మా పెద్దమ్మాయి నిరుడు పదో తరగతి రాసింది. ఫిబ్రవరిలో దుకాణానికి వెళితే మూడు గైడ్లు కొనిపించారు, 780 రూపాయలు. "ఇవి చదివితే చాలు" అన్నారు. అందులో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో బీరువా మీద ఉంది, మొదటి పేజీ కూడా మడవలేదు. ఆ అమ్మాయి పాఠ్యపుస్తకం, బడిలో ఇచ్చిన నోట్సు తప్ప ఇంకేమీ చదవలేదు. మంచి మార్కులే వచ్చాయి. ఆ 780 నేను పత్తి ఏరిన కూలి డబ్బు.

అందుకని కరపత్రంలో "విజయం మీదే" లాంటి మాటలు నేను చదవను. నాకు కావలసింది మూడు. కవరులో ఏమేమి ఉన్నాయి, ఒక్కోటి ఎంత, ఏది లేకపోయినా ఫరవాలేదు. ఆ చివరిది ఏ దుకాణమూ చెప్పదు. "మీ ఇంట్లో జామెట్రీ పెట్టె ఉంటే మళ్ళీ కొనవద్దు" అని మీ కరపత్రంలో ఉంటే, మిగిలినవన్నీ అడగకుండా మీ దగ్గరే కొంటాను.

ఇంకొకటి అడగాలి. నోటు పుస్తకాల మీద పన్ను తీసేశారు అన్నారు. మరి కిట్ల ధర తగ్గలేదేమి?

అక్షర_ముద్రణ

అమ్మా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు, రబ్బర్లు, షార్ప్‌నర్ల మీద జీఎస్టీ లేదు. జామెట్రీ పెట్టెలకు 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కలాలకు తగ్గలేదు. కిట్ అంటే అన్నీ కలిపి ఒకే ధర కాబట్టి ఏది తగ్గిందో మీకు కనబడదు. మీరు అన్నట్టు ఒక్కోటి ధర విడిగా రాస్తే దుకాణదారు దాచడానికి ఏమీ ఉండదు.

గడియారం_సెంటర్_స్టేషనరీ

అమ్మా, మీ మాట కరపత్రంలో పెడతాను. 'కొనవద్దు' అనే జాబితా. మా ఇంట్లో వాళ్ళు వినగానే "అమ్ముకోవడానికి కూర్చుని కొనవద్దని రాస్తావా" అన్నారు. అయినా పెడతాను.

మిర్యాలగూడ_మొబైల్స్

అన్నా, ఇది బాగానే ఉంది కాని ముఖ్య ప్రశ్నల పుస్తకం తీసేస్తే ఆకర్షణ ఏముంటుంది? పిల్లలు దాని కోసమే వస్తారు. పేరున్న గైడ్‌లో ముఖ్యమైన నలభై పేజీలు జిరాక్స్ తీసి, పిన్ను కొట్టి "తప్పక వచ్చే ప్రశ్నలు" అని ఇరవై రూపాయలకు పెట్టండి. మా పక్క దుకాణంలో ఇదే నడుస్తోంది.

చాక్‌పీస్_మాస్టారు

తమ్ముడూ, అది వద్దు. రెండు కారణాలు. ఒకటి, ఇంకొకరు అచ్చు వేసిన పుస్తకం జిరాక్స్ తీసి అమ్మడం కాపీరైట్ ఉల్లంఘన. రెండోది ఇంకా బరువైనది. "తప్పక వచ్చే" అని రాసిన కాగితం మీ దుకాణం పేరుతో పిల్ల చేతిలో ఉంటుంది. పరీక్షల సమయంలో పేపరు బయటకు వచ్చిందన్న పుకారు ఒక్కటి లేచినా పోలీసులు మొదట వెళ్ళేది జిరాక్స్ దుకాణాలకే. పరీక్షల్లో అక్రమాల నిరోధానికి 1997 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. కేంద్రాల దగ్గరి జిరాక్స్ దుకాణాలను పరీక్ష జరిగే సమయంలో మూసి ఉంచమని ఏటా ఆదేశాలు వస్తాయి. మీకు తెలుసు కదా దుకాణం అన్నా?

గడియారం_సెంటర్_స్టేషనరీ

తెలుసు సార్. మాకు దగ్గరలోనే కేంద్రం పడుతుంది. పరీక్ష రోజుల్లో ఉదయం నుంచి పరీక్ష అయ్యేవరకు షట్టర్ దించుతాం. చిన్న అక్షరాల జిరాక్స్ కావాలని వచ్చే పిల్లలను కూడా వెనక్కి పంపిస్తాను. ఏం చేసుకుంటారో తెలిసి తీసి ఇవ్వలేను.

మీరు చెబుతుంటే ఇంకొకటి తట్టింది. నిరుడు నేను పరీక్షల ముందు రోజు రద్దీ మీద ఆశ పెట్టుకున్నాను. పరీక్ష ఉదయం దుకాణమే ఉండదు. ముందు రోజు వచ్చేవాళ్ళు కంగారులో ఒక కలం, ఒక అట్ట తీసుకుని పరుగెత్తుతారు. సాధన పుస్తకం ఆ రోజు కొంటే ఏం లాభం? ప్రీ ఫైనల్ కంటే ముందే చేతికి అందాలి.

చాక్‌పీస్_మాస్టారు

అంతే. ఫిబ్రవరి మొదటి వారం. మొబైల్స్ తమ్ముడు చెప్పిన జీతాల వారం కూడా అదే.

ముఖ్య ప్రశ్నల బదులు ఒకటి చేయండి. మాదిరి ప్రశ్నపత్రాలు ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. "ఇవి ఉచితం, మీరే ఫోనులో తీసుకోవచ్చు, ప్రింటు కావాలంటే పేజీకి ఇంత" అని రాయండి. కాగితం ఖర్చు మాత్రమే తీసుకున్నారని అందరికీ తెలుస్తుంది.

పదో_తరగతి_బెంచీ

నేను ఈ సంవత్సరం పదో తరగతి. నల్లగొండలోనే. ఈ చర్చ మా అన్నయ్య చూపించాడు. అందరూ మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను.

మాస్టారు చెప్పిన అమ్మాయి లాగే నేను కూడా సాంఘికం రాసేటప్పుడు మొదటి గంటలో చాలా రాసేస్తాను, తర్వాత పటం గుర్తించడానికి టైము ఉండదు. నాకు ఆ పుస్తకం కావాలి. పేజీ కింద మూలలో చిన్నగా టైము ఉంటే బాగుంటుంది. అంటే ఆరో పేజీ దగ్గర "ఇప్పుడు 10:15 అయి ఉండాలి" అన్నట్టు. రాస్తూ ఉంటే గడియారం చూడటం మర్చిపోతాము.

"ర్యాంకు మీదే" అని గోడ మీద చూస్తే నాకు కడుపులో తిప్పినట్టు అవుతుంది. దయచేసి అది పెట్టకండి.

దేవరకొండ_అమ్మ

బాగా చెప్పావు తల్లీ. నేను ఒక్కటి కలుపుతాను. పుస్తకం అట్ట లోపల చిన్న పట్టిక ఉంటే బాగుంటుంది. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, వచ్చిన మార్కులు, తల్లిదండ్రుల సంతకం. నాకు లెక్కలు రావు, కాని పిల్ల మూడు గంటలు కూర్చుని రాసిందా లేదా అన్నది నాకు తెలుస్తుంది.

పదో_తరగతి_బెంచీ

అత్తమ్మా, సమయం వరకు ఫరవాలేదు. మార్కులు, సంతకం వద్దు. మార్కులు రాయాలంటే ఇంట్లో రాసేది కూడా పరీక్షే అవుతుంది. నా స్నేహితురాలు అలా అయితే పుస్తకం దాచిపెట్టేస్తానంది. తప్పులు చేయడానికే కదా ఇంట్లో రాసేది.

దేవరకొండ_అమ్మ

తప్పులు చేస్తే కొట్టడానికి అడగలేదమ్మా. బడిలో ఏం జరుగుతోందో మాకు తెలిసే దారి అదొక్కటే. సంతకం అంటే నేను చూశాను, పక్కన కూర్చున్నాను అని.

చాక్‌పీస్_మాస్టారు

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, నేను తీర్పు చెప్పలేను. సమయం గురించి మాత్రం ఒక హెచ్చరిక. అన్ని సబ్జెక్టులకూ ఒకే చోట ఒకే సమయం ముద్రించవద్దు. తెలుగులో జవాబులు పొడవు, లెక్కల్లో అలా కాదు. సైన్సు గంటన్నరే. అన్నిటికీ సరిపోయేది ఒక్కటే గుర్తు, 12 గంటలకు పార్ట్ బి తీయాలి అన్నది. అదీ 9:30కి మొదలయ్యే మూడు గంటల పేపర్లకే. మిగతా గడులు ఖాళీగా వదలండి. పిల్ల మొదటిసారి రాసినప్పుడు ఎక్కడ ఎంత టైము అయిందో తానే వేసుకుంటే, రెండోసారి ఆ అంకెను దాటకుండా చూసుకుంటుంది.

కోస్గి_నుంచి

మాది కోస్గి వైపు. నేను, మా ఆవిడ పుణెలో భవన నిర్మాణ పనిలో ఉంటాము. మా అబ్బాయి ఊళ్ళో మా అమ్మ దగ్గర ఉండి పదో తరగతి చదువుతున్నాడు. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. మీరు తల్లిదండ్రులు అని రాసినప్పుడు దుకాణానికి నడిచి వచ్చేవాళ్ళనే అనుకుంటున్నారు.

మా అమ్మకు చదువు రాదు. నిరుడు పిల్లవాడికి ఏదో కావాలంటే దుకాణానికి వెళ్ళి "పరీక్షవి ఇవ్వు" అంది. అయిదు వందలకు ఏవేవో ఇచ్చారు. అందులో ఇంటర్ పుస్తకం ఒకటి ఉంది. నేను ఫోనులో ఫోటో చూస్తే తెలిసింది. వెనక్కి తీసుకోలేదు.

కవరు మూసి, పైన ఏమేమి ఉన్నాయో రాసి, ఆ ఫోటో వాట్సాప్‌లో పెట్టండి. నేను ఇక్కడి నుంచి ఫోనులో డబ్బు పంపుతాను, మా అమ్మ చీటీ చూపిస్తే కవరు ఇవ్వాలి. లోపల ఏముందో పైన రాసినట్టే ఉండాలి. అంతకంటే ఏమీ అక్కరలేదు.

గడియారం_సెంటర్_స్టేషనరీ

అన్నా, కోస్గి మాకు దూరం. మా వైపు కూడా హైదరాబాదులో పనులకు వెళ్ళినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఇంతవరకు వాళ్ళ గురించి ఆలోచించలేదు. కవరు మీద జాబితా, ఫోటో, చీటీ మూడూ చేస్తాను. కవరు తెరవకుండా వారంలోపు తెస్తే డబ్బు తిరిగి ఇస్తాననీ రాస్తాను.

రెండు రోజులు కూర్చుని రాసిన ముసాయిదా ఇది. ఒకే కరపత్రం, ఒక వైపు పిల్లలకు, మరో వైపు పెద్దలకు. తప్పులుంటే చెప్పండి.

*పిల్లల వైపు:*

> పరీక్షలో నీకు ఇచ్చేది 24 పేజీల పుస్తకం. ఇంతవరకు నువ్వు రాసింది విడి కాగితాల మీద.
> ఒక ఆదివారం ఉదయం 9:30కి ఈ పుస్తకం తెరువు. మాదిరి ప్రశ్నపత్రం ఒకటి పక్కన పెట్టుకో. 12 గంటలకు ఎక్కడ ఉన్నా ఆపి పార్ట్ బి రాయి. అప్పుడు ఎన్ని పేజీలు మిగిలాయో, ఎన్ని ప్రశ్నలు మిగిలాయో చూసుకో.
> ఇప్పుడు కొన్న కలంతోనే పరీక్ష దాకా రాయి.

*పెద్దల వైపు:*

> ఈ కవరులో ఉన్నవి: సాధన పుస్తకాలు ఏడు, 80 రూపాయలు. నీలం బాల్ కలాలు మూడు, 30. పెన్సిళ్ళు రెండు, రబ్బరు, షార్ప్‌నర్, 20. స్కేలు, 10. మొత్తం 140.
> కొనవద్దు: ఇంట్లో జామెట్రీ పెట్టె, అట్ట ఉంటే మళ్ళీ అక్కరలేదు. దారం, విడి తెల్ల కాగితాలు అక్కరలేదు. కాలిక్యులేటర్ పరీక్షలోకి అనుమతించరు.
> మాదిరి ప్రశ్నపత్రాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం. ప్రింటు కావాలంటే పేజీకి 2 రూపాయలు.
> దూరంలో ఉన్నవారు ఫోనులో డబ్బు పంపితే చీటీ చూపిన వారికి కవరు ఇస్తాం.

మిర్యాలగూడ_మొబైల్స్

అన్నా, చదివాను. తగ్గింపు అనే మాటే లేదు. 140 అని రాస్తే ఎవరూ ఆగి చూడరు, 129 అనండి. ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను, కోస్గి అన్న చెప్పిన చీటీ పద్ధతి నేను మా దుకాణంలో రీచార్జులకు కూడా పెడతాను.

అక్షర_ముద్రణ

129 వేస్తే రెండు వందల సెట్ల మీద మీ లాభంలో చాలావరకు పోతుంది. నా మాట 140 ఉంచమనే. ముసాయిదాలో ఒక దిద్దుబాటు. పిల్లల వైపు అక్షరాలు పెద్దవి వేయండి, పెద్దల వైపు ఇంకా పెద్దవి వేయండి. జాబితా చిన్న అక్షరాల్లో వేస్తే దాస్తున్నారని అనుకుంటారు.

చాక్‌పీస్_మాస్టారు

"12 గంటలకు ఎక్కడ ఉన్నా ఆపి" అన్నది సైన్సుకు వర్తించదు. "మూడు గంటల పేపర్లకు" అని కలపండి. మిగతాది బాగుంది. మా బడి పిల్లలకు చూపిస్తాను, కాని బడిలో పంచిపెట్టను. ఏ దుకాణం కరపత్రమైనా నేను పంచితే అది నా సిఫారసు అవుతుంది.

గడియారం_సెంటర్_స్టేషనరీ

సరే సార్, కలిపాను. గేటు బయట నిలబడి పంచుతాను.

మొదటి వారం లెక్క చెప్పడానికి వచ్చాను. ఫిబ్రవరి 2న కరపత్రాలు వెళ్ళాయి. ఆదివారం వరకు 58 కవర్లు పోయాయి. అందులో ఏడు చీటీల మీద. కవరు కాకుండా సాధన పుస్తకాలు మాత్రమే కావాలన్నవాళ్ళు పంతొమ్మిది మంది, కలాలు ఇంట్లో ఉన్నాయట. వాళ్ళకు విడిగా 80కే ఇచ్చాను. ఒక నాన్న 'కొనవద్దు' జాబితా వేలితో చూపిస్తూ చదివి, నవ్వి, చిన్నమ్మాయికి రంగుల పెట్టె కూడా కొనుక్కుని వెళ్ళారు.

అట్ట లోపలి పట్టిక సంగతి ఇంకా తేలలేదు. మొదటి రెండు వందలకు తేదీ, మొదలు, ముగింపు గడులే వేయించాను. రెండో విడత వేయించవలసి వస్తే సంతకం గడి పెట్టాలా వద్దా?

దేవరకొండ_అమ్మ

పెట్టండి. మార్కుల గడి వద్దు, సంతకం గడి చాలు.

పదో_తరగతి_బెంచీ

నాది 58లో ఒకటి. నిన్న సాంఘికం రాశాను. 12 గంటలకు పదిహేడో పేజీలో ఉన్నాను, పటం గుర్తించలేదు. వచ్చే ఆదివారం పటం ముందు రాసి చూస్తాను. సంతకం గడి గురించి ఇంకా ఆలోచిస్తున్నాను అత్తమ్మా.